పదమూడేళ్లు అందరికీ ఒకేసారి రావు

పిల్లల ఎదుగుదల మీద పరిశోధన చేసిన బ్రిటిష్ వైద్యుడు జేమ్స్ టానర్ రచనల్లో ఒక బొమ్మ చాలా ప్రసిద్ధమైంది. అందులో ముగ్గురు అబ్బాయిలు వరసగా నిలబడి ఉంటారు. ఒకడికి భుజాలు వెడల్పై, కండలు తేలి, పెద్దవాడి ఒడ్డూపొడుగూ వచ్చేసి ఉంటుంది. ఇంకొకడు చూడ్డానికి ఐదో తరగతి పిల్లాడిలా ఉంటాడు. మూడోవాడు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాడు. ముగ్గురి వయసూ ఒక్కటే, 14 ఏళ్ల 9 నెలలు. పక్కనే ముగ్గురు అమ్మాయిలు ఉంటారు. వాళ్ల వయసు 12 ఏళ్ల 9 నెలలు. వాళ్లలోనూ అదే తేడా. ఈ ఆరుగురిలో ఎవరికీ ఏ జబ్బూ లేదని చెప్పడానికే టానర్ ఆ బొమ్మ వేయించాడు.

ఆయన ఈ సంగతి ఊహించి చెప్పలేదు. లండన్‌కు కాస్త దూరంలో హార్పెండెన్ అనే ఊళ్లో ఒక బాలల ఆశ్రమం ఉండేది. 1948 నుంచి ఆయన బృందం అక్కడి పిల్లలను ఏళ్ల తరబడి కొలుస్తూ, ఫొటోలు తీస్తూ వచ్చింది. ఎదిగే వయసు వచ్చాక మూడు నెలలకోసారి కొలిచేవారు. 192 మంది అమ్మాయిల వివరాలు 1969లో, 228 మంది అబ్బాయిల వివరాలు 1970లో అచ్చయ్యాయి. యుక్తవయసు మార్పులను ఐదు దశలుగా విడదీసి చెప్పే పద్ధతి అందులోంచే వచ్చింది. ఇవాళ హైదరాబాదులోనో విజయవాడలోనో పిల్లల హార్మోన్ల డాక్టరు చీటీ మీద ‘టానర్ స్టేజ్ 2’ అని రాశారంటే, అది ఆ ఆశ్రమం పిల్లల పుణ్యమే.

డాక్టర్ల లెక్క ప్రకారం ఈ మార్పులు అమ్మాయిల్లో 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఎప్పుడు మొదలైనా మామూలే. అబ్బాయిల్లో 9 నుంచి 14 మధ్య. అంటే ఐదేళ్ల వెసులుబాటు ఉంది. బడికి మాత్రం ఆ వెసులుబాటు తెలియదు. పుట్టిన తేదీ చూసి పిల్లలను ఒకే తరగతిలో కూర్చోబెడుతుంది. ఏడో తరగతిలో ఒకమ్మాయికి దాదాపు ఎదగాల్సిందంతా పూర్తయి ఉంటుంది, అదే బెంచీలో మరో అమ్మాయికి ఇంకా మొదలే కాదు. ప్రేయర్ లైన్లో ఎత్తు ప్రకారం నిలబెట్టినప్పుడు రోజూ ఉదయం ఈ తేడా అందరి కళ్ల ముందూ కనబడుతుంది.

మార్పులు వచ్చే వరస తెలిస్తే చాలా అపోహలు తొలగిపోతాయి. అమ్మాయిల్లో మొట్టమొదటి గుర్తు రొమ్ము దగ్గర చిన్న ఉబ్బు. దాదాపు అప్పుడే ఎత్తు కూడా జోరందుకుంటుంది. మొదటి నెలసరి ఈ మొత్తం ప్రయాణానికి ఆరంభం కాదు. అది ఆ ఉబ్బు కనిపించిన రెండు, రెండున్నరేళ్ల తర్వాత, ఎదుగుదల చాలావరకు అయిపోయాక వస్తుంది. ఆ తర్వాత పెరిగేది సాధారణంగా ఇంకో 5 నుంచి 7 సెంటీమీటర్లే. అబ్బాయిల్లో మొదట పెరిగేవి వృషణాలు. ఆ సంగతి ఎవరికీ కనబడదు, చాలామంది అబ్బాయిలు తామే గమనించరు. ఎత్తు పెరిగే జోరు వాళ్లకు ఆలస్యంగా, అమ్మాయిల కన్నా సగటున రెండేళ్లు వెనక వస్తుంది. గొంతు మారడం, మీసం రావడం ఇంకా తర్వాతి మాట. అందుకే ఆరు, ఏడు తరగతుల్లో అమ్మాయిలు అబ్బాయిలను మించి కనబడతారు. పదో తరగతికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది.

ఈ మార్పులను మొదలుపెట్టేది మెదడు అడుగున ఉండే హైపోథాలమస్. పుట్టిన కొత్తలో కొన్ని నెలలు అది సెక్స్ హార్మోన్లకు సంబంధించిన సంకేతాలు పంపి, తర్వాత ఏళ్ల తరబడి ఊరుకుంటుంది. సమయం వచ్చాక మళ్లీ, మొదట్లో రాత్రి నిద్రలో మాత్రమే, విడతలు విడతలుగా పిట్యూటరీ గ్రంథికి సంకేతాలు పంపుతుంది. అక్కడి నుంచి వచ్చే హార్మోన్లు అండాశయాలనూ వృషణాలనూ మేల్కొలుపుతాయి. ఇది ఎవరికి ఎప్పుడు జరుగుతుందన్నది ఎక్కువగా తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ఒంట్లో కొవ్వు ఎక్కువగా ఉన్న అమ్మాయిల్లో కాస్త ముందే మొదలవుతుంది. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ ‘నిల్వలు సరిపడా ఉన్నాయి’ అని మెదడుకు తెలియజేస్తుంది. తిండి చాలని పిల్లల్లో, దీర్ఘకాలం జబ్బుపడ్డ పిల్లల్లో ఆలస్యమవుతుంది. ఇందులో పిల్లలు చేసింది గానీ చేయనిది గానీ ఏమీ లేదు. అయినా క్లాసులో వాళ్లకు పేర్లు పడేది దీనివల్లే. ముందే ఎదిగిన అమ్మాయిని ‘ఆంటీ’ అంటారు, ఇంకా ఎదగని అబ్బాయిని ‘బుడ్డోడా’ అంటారు.

ఈ ఇద్దరి కష్టాలూ ఒకలాంటివి కావు.

ముందు అమ్మాయి సంగతి. నాలుగో తరగతిలో, తొమ్మిదేళ్లు నిండకముందే ఒక పాపకు రొమ్ము దగ్గర ఒకవైపు చిన్న గట్టి గడ్డలాంటిది తగిలిందనుకుందాం. ముట్టుకుంటే నొప్పి. తల్లి గుండె జారిపోతుంది, గడ్డ అనగానే ముందు తోచేది క్యాన్సరే. నిజానికి ఆ ఉబ్బు మొదట ఒకవైపే రావడం చాలా మామూలు. రెండోవైపు కొన్ని నెలల తర్వాత వస్తుంది. ఈ వయసులో అనుభవం లేనివాళ్లు దాన్ని గడ్డ అనుకుని కోసి తీసేస్తే, ముందుముందు ఆ వైపు రొమ్ము పెరగనే పెరగదు. తొందరపడి కత్తి పెట్టించకూడని చోటు ఇది. పిల్లల డాక్టరు చేత్తో తడిమి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ఆ పాపకు ఎనిమిదేళ్లు దాటాయి కాబట్టి ఇది జబ్బు కాదు, మామూలు పరిధిలో ముందు వరస. పదకొండేళ్ల ప్రాంతంలో నెలసరి మొదలవుతుంది. ఐదో తరగతిలో క్లాసులో అందరికన్నా పొడుగ్గా కనబడుతుంది. కానీ ఎత్తు పెంచే ఈస్ట్రోజెన్ హార్మోనే ఎముకల చివర ఎదుగుదల పొరలను మూసేస్తుంది. అందుకని ఐదో తరగతిలో లైను చివర నిలబడ్డ పిల్ల పదో తరగతికి లైను మధ్యలోకో మొదటికో వచ్చేయవచ్చు.

ఎత్తు కన్నా ముందు మారిపోయేది చుట్టుపక్కలవాళ్ల చూపు. వీధిలో సైకిలు తొక్కొద్దంటారు. మగపిల్లలతో ఆటలు చాలించమంటారు. చున్నీ వేసుకోమంటారు. వచ్చినవాళ్లంతా ‘పెద్దదానివయ్యావు’ అంటూ పెద్దరికం అంటగడతారు. శరీరానికి పద్నాలుగేళ్లు కనబడుతున్నాయి గానీ ఆ పాప మెదడుకు మాత్రం పదేళ్లే. మంచిచెడ్డలు బేరీజు వేసుకునే మెదడు ముందుభాగం ఈ హార్మోన్లతో పాటు పరుగెత్తదు, అది ఇరవై దాటాక కూడా పరిణతి చెందుతూనే ఉంటుంది. బొమ్మలతో ఆడుకునే పిల్లను ఆకారం చూసి పెద్దపిల్లగా లెక్కగట్టడం ఆమెకు అన్యాయమే. వంగి నడవడం, భుజాలు ముందుకు ముడుచుకోవడం, పుస్తకాలు ఛాతీకి అదుముకుని పట్టుకోవడం, డ్రిల్ పీరియడ్‌లో కడుపునొప్పి అని కూర్చుండిపోవడం ఈ వయసు పిల్లల్లో టీచర్లు తరచూ చూసేవే. ఒళ్లు దాచుకోవాలన్న ఆత్రం వాటన్నిటిలోనూ ఉంది.

మన తెలుగు ఇళ్లలో దీనికి ఇంకో పొర ఉంది. అమ్మాయి పెద్దమనిషి కాగానే చాపమీద కూర్చోబెట్టి, చిమ్మిలి పెట్టి, మేనమామ చేత బట్టలు పెట్టించి, బంధువులందరినీ పిలిచే ఆచారం చాలా కుటుంబాల్లో ఉంది. ఇప్పుడు దానికి ఫంక్షన్ హాలు, వీడియో, వీధి మొదట్లో ఫ్లెక్సీ కూడా తోడయ్యాయి. పద్నాలుగేళ్ల అమ్మాయి కొత్త లంగా ఓణీ కట్టుకుని మురిసిపోవచ్చు. స్నేహితురాళ్లలో సగంమందికి అప్పటికే ఆ వేడుక జరిగి ఉంటుంది. పదిన్నరేళ్ల పిల్లకు క్లాసులో తానే మొదటిది. తన ఒంట్లో ఏం జరిగిందో తనకే ఇంకా సరిగా అర్థం కాని రోజుల్లో ఆ సంగతి క్లాసులో మగపిల్లలకు కూడా తెలిసిపోతుంది. వేడుక చేయాలా వద్దా అన్నది ఇంటి విషయం. కానీ ఎంతమందిని పిలవాలి, ఎప్పుడు చేయాలి, ఫ్లెక్సీ కట్టాలా అన్న మూడు ప్రశ్నలు ఆ పాపనే అడగాలి. ఒకటి రెండేళ్లు ఆగి ఓణీల ఫంక్షన్‌గా చేసుకునే కుటుంబాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. ముందు ఎదిగిన పిల్లలకు ఆ దారి మరీ నయం.

ముందు ఎదగడం అమ్మాయిల మీద ఎలా పనిచేస్తుందో స్వీడన్లో హోకన్ స్టాటిన్, డేవిడ్ మాగ్నుసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు జాగ్రత్తగా చూశారు. ఒరెబ్రో అనే పట్టణంలోని అమ్మాయిలను బడి రోజుల నుంచి పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. పదకొండేళ్ల లోపే నెలసరి వచ్చిన అమ్మాయిల్లో 14, 15 ఏళ్లకు మద్యం తాగడం, బడి ఎగ్గొట్టడం, ఇంటి కట్టుబాట్లు మీరడం ఎక్కువగా కనిపించాయి. హార్మోన్లే ఇలా చేయిస్తున్నాయని అక్కడితో ఆగిపోవచ్చు. వాళ్లు ఆగలేదు, ఆ అమ్మాయిల స్నేహితులెవరో అడిగారు. పెద్ద వయసువాళ్లతో తిరిగే అమ్మాయిల్లోనే ఈ తేడా కనబడింది. తమ ఈడు పిల్లలతోనే ఉన్న అమ్మాయిలు ముందే ఎదిగినా మిగతావాళ్లకన్నా పెద్దగా భిన్నంగా లేరు. పెద్దయ్యాక తాగుడు తేడా కూడా చెరిగిపోయింది. చదువులో మాత్రం ముందే ఎదిగినవాళ్లు వెనకబడ్డారు, పై చదువులకు వెళ్లినవాళ్లు వాళ్లలో తక్కువ.

న్యూజీలాండ్‌లోని డునెడిన్ నగరంలో 1972–73లో పుట్టిన పిల్లలను ఇప్పటికీ వెంటాడి గమనిస్తున్న పెద్ద అధ్యయనం ఒకటుంది. అవ్‌షలోమ్ కాస్పి, టెర్రీ మాఫిట్‌ల బృందం అందులోని అమ్మాయిలను పరిశీలించి 1993లో ఒక సంగతి బయటపెట్టింది. ముందే ఎదిగిన అమ్మాయిలు తుంటరి పనుల్లోకి దిగడం కో ఎడ్యుకేషన్ బడుల్లో ఎక్కువగా కనిపించింది, ఆడపిల్లల బడుల్లో తక్కువగా ఉంది. శరీరంలో జరిగింది రెండుచోట్లా ఒకటే, మారింది చుట్టూ ఉన్నవాళ్లు. ఇది చూసి అమ్మాయిలను విడిగా చదివించాలని తీర్మానించడం పొరపాటు. పదకొండేళ్ల అమ్మాయికి పదహారేళ్ల స్నేహబృందం దొరికినప్పుడు పెద్దలు కళ్లు తెరిచి ఉండాలన్నదే ఇందులోంచి పట్టుకోవాల్సింది.

ఎనిమిదేళ్ల లోపే మార్పులు మొదలైతే అది వేరే కథ, డాక్టరు దగ్గరికి తప్పక వెళ్లాలి. అమ్మాయిల్లో చాలావరకు ఏ కారణమూ దొరకదు. అబ్బాయిల్లో తొమ్మిదేళ్ల లోపు మొదలవడం అరుదు, అలా మొదలైతే మెదడులో ఏదో కారణం ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి స్కానింగ్ చేయిస్తారు. అవసరమైన పిల్లలకు నెలకోసారో మూడు నెలలకోసారో ఇచ్చే ఇంజెక్షన్లతో హైపోథాలమస్ మొదలుపెట్టిన పనిని తాత్కాలికంగా ఆపవచ్చు. సాధారణంగా పదకొండేళ్ల ప్రాంతంలో వాటిని మానేస్తే ఆగిన చోటు నుంచి ఎదుగుదల మళ్లీ మొదలవుతుంది. ఆరేళ్ల లోపు మొదలైనవాళ్లకు ఈ చికిత్స వల్ల ఎత్తులో మంచి లాభం ఉంటుంది. ఏడున్నరేళ్లకు మొదలైన పిల్లకు ఆ లాభం తక్కువ.

ఇప్పుడు లైను మొదట్లో నిలబడే అబ్బాయి. డాక్టర్ల దగ్గరికి తరచూ వచ్చే రకం కేసునే ఒకటి తీసుకుని వివరంగా చూద్దాం.

తొమ్మిదో తరగతి, వయసు పద్నాలుగున్నర, ఎత్తు 143 సెంటీమీటర్లు. చార్టులో అతడి చుక్క అట్టడుగు గీత దగ్గర పడుతుంది. గొంతు ఇంకా చిన్నపిల్లాడిదే. ఫోన్ ఎత్తితే అవతలివాళ్లు ‘అమ్మా, నాన్నగారున్నారా’ అంటారు. ఏడో తరగతి దాకా కబడ్డీ ఆడేవాడు, ఎనిమిదిలో జట్టులోంచి తీసేశారు. మామూలుగానే తింటాడు, చదువుతాడు. ఈ మధ్య పెళ్లిళ్లకు రానంటున్నాడు, ఎందుకంటే ప్రతి పెళ్లిలోనూ ఎవరో ఒకరు తనకన్నా రెండేళ్లు చిన్నదైన చెల్లెలి పక్కన నిలబెట్టి ఎత్తు చూస్తారు. ఇంట్లో ఎత్తు పెంచుతుందన్న పౌడరు డబ్బాలు మూడు ఖాళీ అయ్యాయి.

డాక్టరు మొదట అడిగేది తండ్రిని. ‘మీరెప్పుడు ఎదిగారండీ?’ అంటే ఆయన కాస్త ఆలోచించి, పదో తరగతి దాకా తానూ పొట్టిగానే ఉన్నానని, ఇంటర్లో ఒక్కసారిగా పెరిగానని చెబుతాడు. సగం రోగనిర్ధారణ ఆ మాటలోనే ఉంది. ఆలస్యంగా ఎదిగే ఆరోగ్యవంతులైన పిల్లల్లో సగానికి పైగా మందికి తల్లో తండ్రో అలాగే ఆలస్యంగా ఎదిగి ఉంటారు.

తర్వాత పాత కొలతలు. బడి హెల్త్ కార్డులో గత ఏడాది ఎత్తు ఉంటే చాలా మేలు. ఏడాదికి 4 సెంటీమీటర్లు పెరిగాడనుకుందాం. ఎదుగుదల జోరు రావడానికి కాస్త ముందు పిల్లలు మామూలుకన్నా నెమ్మదిస్తారు కాబట్టి ఈ అంకె కంగారు పెట్టేది కాదు. అసలేమీ పెరగకపోతేనో, చార్టులో ఒక గీత నుంచి కింది గీతకు జారిపోతూ ఉంటేనో అప్పుడు థైరాయిడ్, రక్తహీనత, పేగు జబ్బులు, కిడ్నీ జబ్బులు వెతకాలి.

మూడోది ఎడమచేతి ఎక్స్‌రే. మణికట్టు దగ్గర చిన్న ఎముకలు ఏ వయసుకు ఎంత ముదరాలో అట్లాసులున్నాయి. దాన్నిబట్టి ఈ అబ్బాయి ఎముకల వయసు 12 ఏళ్లని తేలింది. అంటే పుట్టిన తేదీ లెక్కన తొమ్మిదో తరగతి, ఎముకల లెక్కన ఆరో ఏడో తరగతి. ఇది చెడ్డవార్త కాదు, చాలా మంచివార్త. ఎముకల వయసు 12 దగ్గరున్న అబ్బాయి తన చివరి ఎత్తులో సుమారు 83 శాతానికి చేరి ఉంటాడు. 143ను ఆ లెక్కన కడితే 172 వస్తుంది. తండ్రి 170, తల్లి 156 అనుకుంటే, అబ్బాయిలకు ఆ రెండూ కలిపి, 13 కూడి, రెండుతో భాగిస్తారు. 169న్నర. రెండు లెక్కలూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఆలస్యంగా ఎదిగేవాళ్లకు ఎక్స్‌రే లెక్క ఒక్కోసారి కొంచెం ఎక్కువ చూపిస్తుంది కాబట్టి జాగ్రత్తపడి 170 అటూఇటూ అని చెప్పవచ్చు. చెల్లెలి పక్కన నిలబెట్టినవాళ్లెవరికీ ఈ లెక్క తెలియదు.

నాలుగో పరీక్షకు సిగ్గు అడ్డొస్తుంది, కానీ అసలు జవాబు అక్కడే ఉంది. ఆండ్రియా ప్రాడర్ అనే స్విస్ వైద్యుడు రూపొందించిన పూసల దండ ఒకటుంది. గుడ్డు ఆకారపు పూసలు చిన్న నుంచి పెద్దకు వరసగా ఉంటాయి, వాటితో పోల్చి వృషణాల పరిమాణం చూస్తారు. 4 మిల్లీలీటర్ల పూసకు చేరిందంటే యుక్తవయసు మొదలైనట్టే, బయటికి ఏమీ కనబడకపోయినా. ఎత్తు జోరు ఇంకా ఏడాదీ ఏడాదిన్నర దూరంలో ఉందని కూడా దాన్నిబట్టి చెప్పవచ్చు. పద్నాలుగేళ్లు నిండినా ఆ పూసకు చేరకపోతేనే ఆలస్యం అంటారు. అమ్మాయిల విషయంలో 13 నిండినా రొమ్ము ఉబ్బు లేకపోయినా, 15 నిండినా నెలసరి రాకపోయినా చూపించుకోవాలి. మరీ పొట్టిగా ఉన్న అమ్మాయికి క్రోమోజోముల పరీక్ష కూడా చేస్తారు, టర్నర్ సిండ్రోమ్ ఉందేమోనని. అబ్బాయిని ఒక చిత్రమైన ప్రశ్న అడుగుతారు. పోపు వాసన, మల్లెపూల వాసన తెలుస్తుందా అని. వాసన తెలియకపోవడం, ఎదుగుదల ఆగిపోవడం కలిసి ఉంటే అది కాల్‌మన్ సిండ్రోమ్ అనే అరుదైన స్థితి. అది దానంతట అది సర్దుకోదు.

మన అబ్బాయికి వాసనలన్నీ తెలుసు. వృషణాలు 3 మిల్లీలీటర్లు. వెనకబడ్డాడు గానీ ఆగిపోలేదు. అబ్బాయిల్లో ఆలస్యానికి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం ఇదే, కుటుంబంలో నడిచే ఆలస్యం.

ఒంటికి ప్రమాదం లేదని తేలింది. మనసు సంగతి మిగిలింది. కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో 1930లలో మొదలైన ఒక అధ్యయనం దీని మీద మొదట వెలుగు వేసింది. మేరీ కవర్ జోన్స్, నాన్సీ బేలీ 1950లో దాని ఫలితాలు రాశారు. ఎముకల వయసును బట్టి అందరికన్నా ముందున్న అబ్బాయిలనూ, అందరికన్నా వెనకున్నవాళ్లనూ పోల్చారు. ముందున్నవాళ్లను పెద్దలూ తోటిపిల్లలూ నిబ్బరమైనవాళ్లుగా చూశారు, నాయకత్వాలు వాళ్లకే దక్కాయి. వెనకున్నవాళ్లు ఊరికే కదులుతూ, గట్టిగా మాట్లాడుతూ, అందరూ తమను చూడాలని తాపత్రయపడుతూ కనిపించారు. క్లాసులో అల్లరితో అందరినీ నవ్వించే చిన్న ఒడ్డు పిల్లాడిని గుర్తుచేసుకుంటే ఇది అర్థమవుతుంది. ముప్పై దాటాక వాళ్ల శరీరాల తేడా దాదాపు చెరిగిపోయింది, స్వభావాల్లో జాడలు మిగిలాయి. ముందు ఎదిగినవాళ్లు బాధ్యత, నియమం తప్పనివాళ్లుగా, ఆలస్యంగా ఎదిగినవాళ్లు తమను తాము బాగా ఎరిగినవాళ్లుగా, మార్పుకు వంగేవాళ్లుగా తేలారు. పోల్చినవాళ్ల సంఖ్య చిన్నది, అందరూ ఒకే ప్రాంతం వాళ్లు. కాబట్టి దీన్ని జాతకంలా చదవకూడదు.

నికోలా పెర్సికో, ఆండ్రూ పోస్ట్‌లెవెయిట్, డాన్ సిల్వర్‌మన్ అనే ఆర్థికవేత్తలు 2004లో దీనికి ఊహించని కొనసాగింపు చూపించారు. పొడుగ్గా ఉన్న మగవాళ్లకు జీతాలు కాస్త ఎక్కువన్నది పాత సంగతి. బ్రిటన్, అమెరికాల్లోని తెల్లజాతి మగవాళ్ల లెక్కలు తీసి చూస్తే, జీతంతో ముడిపడింది ఉద్యోగం నాటి ఎత్తు కాదు, పదహారేళ్లప్పటి ఎత్తు. పెద్దయ్యాక ఇద్దరూ సమానమైన ఎత్తే అయినా, పదహారేళ్లకు పొట్టిగా ఉన్నవాడు సగటున వెనకబడ్డాడు. ఆ వయసులో ఆటల జట్లలో, బడి సంఘాల్లో చేరడం చేరకపోవడం ఆ తేడాలో కొంత భాగాన్ని వివరించింది. మన అబ్బాయిని కబడ్డీ జట్టులోంచి తీసేసిన రోజు చిన్నది కాదని దీన్నిబట్టి అనిపిస్తుంది. పీఈటీ సారు ఒడ్డూపొడుగూ చూసి తీసేశారు. ఆ ఒడ్డు రెండేళ్లలో ఎలాగూ వచ్చేది. రెండేళ్లు ఆడకపోతే పోయే ఆట మాత్రం అంత తేలిగ్గా తిరిగి రాదు. ఇంగ్లండ్‌లో కొన్ని ఫుట్‌బాల్ అకాడమీలు అప్పుడప్పుడూ పుట్టిన తేదీతో కాకుండా ఎదుగుదల దశను బట్టి పిల్లలను జట్లుగా కలిపి ఆడించడం మొదలుపెట్టింది ఇందుకే.

ముందు ఎదిగిన అబ్బాయిలకు అంతా సుఖమేనని కాదు. యుక్తవయసులో దాదాపు సగంమంది అబ్బాయిలకు రొమ్ము దగ్గర కాస్త ఉబ్బుతుంది. ఒకటి రెండేళ్లలో చాలామందికి తగ్గిపోతుంది. ఆ మాట ఎవరూ చెప్పరు కాబట్టి వాళ్లు ఈతకు వెళ్లడం మానేసి, ఎండాకాలంలో కూడా వదులు చొక్కా మీద ఇంకో చొక్కా తొడుక్కుంటారు. పన్నెండేళ్లకే మీసం వచ్చినవాడిని టీచర్లు పెద్దవాడిగా లెక్కగట్టి, అల్లరి చేస్తే మిగతావాళ్లకన్నా గట్టిగా దండిస్తారు.

పిల్లలు తమను పోల్చుకునేది దేశం సగటుతో కాదు, పక్క బెంచీవాడితో. అందుకే ‘నీ వయసుకు ఇది మామూలే’ అన్న మాట వాళ్ల చెవికెక్కదు. మన అబ్బాయికి డాక్టరు గది నుంచి పనికొచ్చిన వస్తువు ఓదార్పు కాదు, ఎక్స్‌రే. తన చెయ్యీ, అట్లాసులో పన్నెండేళ్ల చెయ్యీ పక్కపక్కన పెట్టి చూపించారు. మూసుకోని ఎదుగుదల పొరలను నల్లని గీతల్లా చూపించి, ఇవి మూసుకునేదాకా నువ్వు పెరుగుతూనే ఉంటావని చెప్పారు. అప్పుడు అతడు రెండు ప్రశ్నలు వేశాడు. పౌడరు మానేయవచ్చా అన్నది మొదటిది. మానేయవచ్చు, అది ఎముకకు అందే మందు కాదు. జిమ్ములో ఎవరో ఇస్తామన్న ఇంజెక్షన్ తీసుకోనా అన్నది రెండోది. దానికి జవాబు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. కొలత లేకుండా ఎక్కించే మగ హార్మోన్లు ఎముకల పొరలను తొందరగా మూసేసి, రావాల్సిన ఎత్తును కూడా పోగొడతాయి.

కొలతతో ఇచ్చేది వేరు. మరీ కుంగిపోయిన అబ్బాయిలకు నెలకు 50 నుంచి 100 మిల్లీగ్రాముల చొప్పున టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ మూడు నుంచి ఆరు నెలలు ఇచ్చి ఆపేస్తారు. దానివల్ల చివరి ఎత్తు పెరగదు, తగ్గదు. వచ్చేవి కొన్ని నెలలు ముందొస్తాయి. గొంతులో కాస్త బొంగురు, ఆ ఏడాది కాస్త ఎక్కువ ఎత్తు, చర్మం మీద జిడ్డు. అంటే ఈ మందు ఇవ్వాలా వద్దా అన్నది రక్తపరీక్ష తేల్చే విషయం కాదు. డాక్టరు అడిగేవి వేరే ప్రశ్నలు. బడికి వెళ్తున్నాడా? స్నేహితులతో ఉంటున్నాడా? అద్దం చూడటం మానేశాడా? ఒంటరిగా గదిలో ఎంతసేపు? జవాబులు తల్లిదండ్రుల ముందు ఒకలా, వాళ్లు బయటికి వెళ్లాక ఇంకోలా ఉంటాయి కాబట్టి అబ్బాయితో విడిగా మాట్లాడటం ఇక్కడ తప్పనిసరి.

ఈ అబ్బాయి ఇంజెక్షన్ ప్రస్తుతానికి వద్దన్నాడు. ఆరు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు. తండ్రి తన పదో తరగతి గ్రూప్ ఫొటో వెతికి తీశాడు, ముందు వరసలో చివర కూర్చున్న చిన్న పిల్లాడు తానే. తల్లి పెళ్లిళ్లలో కొలతలు చూడటం మాన్పించింది. బడిలో పీఈటీ సారుతో మాట్లాడితే, కబడ్డీలో బరువును బట్టి చిన్న జట్టులో ఆడించడానికి ఒప్పుకున్నారు. రెండోసారి వెళ్లినప్పుడు ఎత్తు 145న్నర, పూస 5 మిల్లీలీటర్లది. గొంతు ఇంకా మారలేదు. తర్వాతి అపాయింట్‌మెంట్ మళ్లీ ఆరు నెలలకు రాశారు. ఇంట్లో తలుపు చట్రం మీద పెన్సిలుతో గీస్తున్న గీతలు ఇక నెలకోసారి చాలని, రోజూ గీయవద్దని కూడా చెప్పి పంపారు.